వెలుగు బల్ల మీద నీడబొమ్మల సినిమా: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్ల కాగితంతో బొమ్మలు కత్తిరించి, కింద నుంచి లైటు వేసి, ఫోటో తర్వాత ఫోటో తీస్తూ యానిమేషన్ చేయాలనుకునేవాళ్ళ కోసం ఈ పేజీ. హైదరాబాద్‌లో ఉంటూ ఇంట్లో ఒక గది మూల, ఒక ఫోను ఉన్నవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాశాను. మాటలతో చెప్తే గాల్లో ఉంటుంది కాబట్టి మొదటి నుంచి చివరిదాకా ఒకటే షాట్ తీసుకుందాం: సంక్రాంతి రోజుల్లో పాతబస్తీలో ఒక డాబా, లంగా ఓణీ వేసుకున్న అమ్మాయి పతంగి ఎగరేస్తుంది, ఇంకో పతంగి వచ్చి దాన్ని కోసేస్తుంది. మొత్తం 10 సెకన్లు.

ఇది తోలుబొమ్మలాటేనా?

చుట్టరికం ఉంది కానీ ఒకటి కాదు. మన తోలుబొమ్మలు మేక తోలుని పల్చగా చేసి, రంగులు వేసి, చిల్లులు కొట్టి చేసేవి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ చేస్తున్నారు, ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆ తోలు గుండా వెలుగు వస్తుంది కాబట్టి తెర మీద కనిపించేది ఒట్టి నల్ల నీడ కాదు, ఎర్రటి చీర, పచ్చటి ఒళ్ళు, చిల్లుల్లోంచి మెరిసే నగలు అన్నీ కనిపిస్తాయి. పైగా అది ప్రేక్షకుల ముందు అప్పటికప్పుడు ఆడేది.

మనం మాట్లాడుకునేది వెలుగు దాటని నల్ల బొమ్మల గురించి, అదీ ఒక్కో ఫోటోకి కొంచెం కొంచెం జరుపుతూ. దీన్ని ఒక పద్ధతిగా నిలబెట్టింది జర్మనీకి చెందిన లోటె రైనిగర్. ఆవిడ 1926లో ఒక పూర్తి నిడివి సినిమానే ఇలా తీశారు, ఇప్పటికి దొరుకుతున్న యానిమేషన్ పూర్తి నిడివి సినిమాల్లో అదే పాతది. గాజు బల్ల, కింద లైటు, పైన కిందికి చూస్తున్న కెమెరా, అట్ట ముక్కలూ పల్చటి సీసం రేకులూ కలిపి చేసిన బొమ్మలు, కీళ్ళకి తీగ. వందేళ్ళయినా మనం చేసేది దాదాపు అదే, కెమెరా బదులు ఫోను వచ్చింది అంతే.

నిలువు తెర వెనక బొమ్మలాడించి వీడియో తీస్తే అయిపోదా? ఇంత కష్టం ఎందుకు?

అయిపోతుంది, అదీ మంచి పద్ధతే, పిల్లలతో చేసేటప్పుడు నేనైతే అదే చేయమంటాను. బొమ్మ తెరకి ఆనుకుని ఉంటే అంచు పదునుగా ఉంటుంది, లైటు వైపుకి జరిపేకొద్దీ నీడ పెద్దదై మసకబారుతుంది. లైటు తెరకి 2 మీటర్ల దూరంలో ఉండి బొమ్మ సరిగ్గా మధ్యలో ఉంటే నీడ రెండింతలు పడుతుంది. చిన్న బల్బు అయితే దూరంలో కూడా నీడ కాస్త పదునుగా నిలుస్తుంది, ట్యూబులైటు అయితే మొత్తం అలుక్కుపోతుంది.

కానీ అక్కడ చెయ్యీ పుల్లా గురుత్వాకర్షణా మీ మాట పూర్తిగా వినవు. పడుకోబెట్టిన బల్ల మీద బొమ్మ వేలు ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. జడ ఊగడం, పతంగి ఆగి ఆగి కదలడం లాంటివి కావాలంటే బల్లే గతి.

బొమ్మ డిజైన్‌లో అన్నిటికంటే ముఖ్యమైనది ఏమిటి?

బయటి గీత. నీడలో కళ్ళు లేవు, ముక్కుపుడక లేదు, చీర కుచ్చిళ్ళు లేవు, గీత లోపల ఏమున్నా అది నలుపే. కొత్తగా చేసేవాళ్ళు మామూలు బొమ్మ గీసి దానికి నలుపు పూసేస్తారు, అప్పుడు చేతులు ఛాతీ ముందు ముడుచుకుని ఉన్న మనిషి తెర మీద గంగాళంలా కనిపిస్తాడు. చెయ్యి ఏదైనా చెప్పాలంటే అది ఒంటి బయట, వెలుగు మీద ఉండాలి. నమస్కారం పెట్టాలంటే చేతులు ఛాతీకి ఒక వేలెడు దూరం ముందుకు రావాలి. కూర్చున్న మనిషి ఒళ్ళో గిన్నె ఉంటే అది ఒళ్ళోనే కలిసిపోతుంది, మోకాలి చివరకి జరపాలి.

మన అమ్మాయి విషయంలో పతంగి కథని ఎంచుకోవడానికి అసలు కారణం ఇదే. దారం లాగేటప్పుడు రెండు చేతులూ ముందుకే ఉంటాయి. మొహం పక్కనుంచి పైకి చూస్తుంటుంది కాబట్టి నుదురు, ముక్కు, గడ్డం విడివిడిగా తెలుస్తాయి. జడ వీపు వెనక వేలాడుతుంది. లంగా కాళ్ళని కప్పేస్తుంది, అంటే కాళ్ళకి కీళ్ళు చేయక్కర్లేదు, ఇది చిన్న లాభం కాదు.

పరీక్ష సులువు: బొమ్మని కత్తిరించకముందే కాగితం మీద నల్లగా నింపి, కథ తెలియని మనిషికి చూపించి ఏం చేస్తోందో అడగండి. "పతంగి ఎగరేస్తోంది" అంటే సరే. "చేపలు పడుతోందా?" అంటే చేతుల కోణం మార్చాలి. ఈ పోజులో ఆ పొరపాటు చాలా మామూలు, రెండు చేతులూ ఒకే ఎత్తులో ఉంటే గాలం పట్టినట్టే ఉంటుంది. ఒక చెయ్యి కంటి ఎత్తులో, ఇంకోటి నడుం దగ్గర ఉంచితే దారం లాగుతున్నట్టు తెలుస్తుంది.

గీత లోపల ఏదీ కనిపించదంటే అది నష్టమేనా?

సగం నష్టం, సగం వరం. లోపల ఎంత అతుకులబొంత ఉన్నా ఎవరికీ తెలియదు. బొమ్మ తేలికై గాలికి జరుగుతుంటే నడుం మీద రూపాయి బిళ్ళ అంటించండి, కనిపించదు. చిరిగితే నల్ల టేపు వేయండి. ఓణీ అంచు నిలబడకపోతే వెనక తీగ పెట్టండి. గీత బయటికి రానంతవరకు ఏదైనా చెల్లుతుంది.

వెలుగు బల్ల ఎలా చేసుకోవాలి?

సులువైన దారి చెప్తాను. ఫాల్స్ సీలింగ్‌లో పెట్టే 2 అడుగుల చదరపు ఎల్ఈడీ ప్యానెల్ తెచ్చుకోండి, కోఠి పక్కన ట్రూప్ బజార్‌లో వరసగా లైట్ల దుకాణాలే. దాన్ని వెలుగు పైకి వచ్చేలా పడుకోబెట్టి, నాలుగు మూలలా చెక్క ముక్కలు పెట్టి వాటి మీద 5 లేదా 6 మిల్లీమీటర్ల గాజు పెట్టండి. గాజు అంచులు షాపులోనే గ్రైండ్ చేయించండి, లేకపోతే ఎప్పుడో ఒకప్పుడు మణికట్టు కోసుకుంటుంది. కొనేటప్పుడు ప్యానెల్ వెలిగించి ఫోన్ కెమెరాతో చూడండి, తెర మీద చారలు పాకుతుంటే దాని డ్రైవర్ నాసిరకం, ఇంకోటి అడగండి.

సొంతంగా పెట్టె చేసుకుంటానంటే, లోపల తెల్ల రంగు వేసిన ప్లైవుడ్ పెట్టెలో 12 వోల్టుల తెల్ల ఎల్ఈడీ స్ట్రిప్‌ని 4, 5 సెంటీమీటర్లకొక వరస చొప్పున అంటించి, వాటికి కనీసం 10 సెంటీమీటర్ల పైన పాలరంగు అక్రిలిక్ షీటు పెట్టాలి. షీటు మరీ దగ్గరగా ఉంటే ఒక్కో బల్బూ చుక్కలా కనిపిస్తుంది. కంటికి తెలియకపోవచ్చు, అందుకని కెమెరాలో వెలుగు బాగా తగ్గించి ఒక ఫోటో తీసి చూడండి, చారలుంటే అప్పుడు బయటపడతాయి. షీటు పైకి ఎత్తడమో, మీద ఒక ట్రేసింగ్ పేపరు పరచడమో చేస్తే పోతాయి. అడాప్టర్ ఎంతది కావాలంటే, స్ట్రిప్ డబ్బా మీద రాసిన వాట్లని 12తో భాగించండి. 24 వాట్లయితే 2 ఆంపియర్లు, కాస్త ఎక్కువది తీసుకుంటే వేడెక్కదు.

ఏ కాగితం?

స్టేషనరీ షాపులో దొరికే నల్ల చార్టు ఒక్క పొర సరిపోదు. చేతిలో నల్లగానే ఉంటుంది, వెలుగు మీద పెడితే ముదురు గోధుమరంగులో చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. రెండు పొరలు అతికించాలి. ఫెవికాల్ లాంటి తడి జిగురు వద్దు, ఆరాక కాగితం వంకర తిరుగుతుంది, గ్లూ స్టిక్ వాడి బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచండి. జూలై, ఆగస్టుల్లో ముసురు పట్టినప్పుడు చార్టు తేమ పీల్చి చివర్లు లేస్తాయి, లేచిన చివర గాజుకి దూరమై అంచు మెత్తబడుతుంది. షూటింగ్ లేనప్పుడు బొమ్మల్ని గాలి చొరని డబ్బాలో, రెండు అట్టల మధ్య పెట్టండి.

ఇంకో సంగతి, పై వైపు నిగనిగలాడకూడదు. స్కెచ్ పెన్నుతో నల్లగా చేసిన చోట మెరుపు వస్తుంది, గదిలో ఏ కాస్త వెలుగున్నా అది బూడిదరంగులో తేలుతుంది.

బొమ్మలు ఎక్కువుంటే లేజర్ కటింగ్ చేయించుకోవచ్చు. కాలిన అంచు గోధుమరంగుకి తిరుగుతుంది కానీ వెనక వెలుగులో తెలియదు. నాకైతే బ్లేడుతో కోసిన గీతే ఇష్టం, ఆ చిన్న వంకరల్లో ప్రాణం ఉంటుంది.

చెయ్యి వంచితే మోచేతి దగ్గర గంటు పడుతోంది. ఎందుకు?

అందరూ అడిగే ప్రశ్న ఇదే, జవాబు కూడా ఒకటే: పిన్ను మధ్యలో లేదు.

పై చెయ్యి కింది కొన, ముంజేతి పై కొన, రెండూ ఒకే కొలత అర్ధచంద్రాల్లా గుండ్రంగా ఉండాలి. చెయ్యి వెడల్పు 12 మిల్లీమీటర్లయితే ఆ గుండ్రం వ్యాసమూ 12, పిన్ను అంచు నుంచి సరిగ్గా 6 మిల్లీమీటర్ల లోపల. అప్పుడు ముంజేతిని ఎటు తిప్పినా ఒక గుండ్రం మీద ఇంకో గుండ్రం తిరుగుతుంది కాబట్టి బయటి గీత మారదు. పిన్ను ఒక్క మిల్లీమీటరు పక్కకి పోయినా ఒక వైపు బుడిపె, ఇంకో వైపు గంటు వస్తాయి. కత్తిరించేముందు కంపాస్‌తో గుండ్రం గీసి, కంపాస్ ముల్లు గుచ్చిన చోటే పిన్నుకి చిల్లు పెట్టండి, ఇక కొలవనే అక్కర్లేదు.

భుజం దగ్గర ఇంత బాధ లేదు, అది ఒంటి గీత లోపలే దాక్కుంటుంది. మెడ దగ్గర మాత్రం జాగ్రత్త. తల పైకెత్తినప్పుడు గడ్డం కింద వెలుగు చీలిక కనిపిస్తే మెడ ముక్క పొట్టిగా ఉందన్నమాట, దాన్ని ఛాతీ లోపలికి ఇంకో 2 సెంటీమీటర్లు పొడిగించాలి.

పిన్నుకి బదులు సన్నటి రాగి తీగ మేలు. సూదితో చిల్లు పెట్టి, తీగ దూర్చి, రెండు వైపులా దోమల చక్రంలా చుట్టి అణచండి. చిల్లు తీగకంటే పెద్దదైతే అక్కడ నక్షత్రంలా చుక్క మెరుస్తుంది, పైన చిన్న నల్ల కాగితం అంటిస్తే సరి. బిగింపు ఎంత ఉండాలంటే, వేలితో నెడితే తిరగాలి, పక్క భాగాన్ని ముట్టుకుంటే ఇది కదలకూడదు.

మన అమ్మాయికి మెడ, రెండు భుజాలు, రెండు మోచేతులు, నడుం, ఇవి కాక జడకి నాలుగైదు ముక్కలు. 20 సెంటీమీటర్ల బొమ్మకి అంతే చాలు. వేళ్ళకి కీళ్ళు పెట్టొద్దు, పిడికిలి ఒకటి, తెరిచిన అరచెయ్యి ఒకటి కత్తిరించి మారుస్తూ ఉండండి.

ఆకాశానికి రంగులు ఎలా?

పతంగులు చేసే పల్చటి రంగు కాగితం దీనికి దివ్యంగా పనికొస్తుంది, సంక్రాంతి ముందు ధూల్‌పేట వైపు వెళ్తే ఏ రంగు కావాలంటే ఆ రంగు. ఒక పొర వేస్తే లేత, రెండు వేస్తే ముదురు. పొరలు కత్తిరించకుండా చింపండి, చింపిన అంచు మబ్బు అంచులా కలిసిపోతుంది. దూరంగా ఉన్న మినార్లు, నీళ్ళ ట్యాంకులు ట్రేసింగ్ పేపరు రెండు మూడు పొరలతో బూడిదరంగులో, దగ్గరి పిట్టగోడ పూర్తి నలుపుతో చేస్తే లోతు దానంతటదే వస్తుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. తెర మీద రెండు పతంగులు రావాలి, రెండూ నల్లవైతే కలుసుకున్నాక ఏది ఎవరిదో తెలియదు. అందుకని అమ్మాయి పతంగిని ఎర్ర కాగితంతోనే చేద్దాం, పుల్లలు మాత్రం నల్ల దారంతో, అప్పుడు వెలుగులో దాని ఎముకలు కనిపిస్తాయి. అయితే వెనక నుంచి వచ్చే వెలుగులో రంగులు కుంచెతో కలిపినట్టు కలవవు, ఒకదాని వెలుగుని ఇంకోటి మింగేస్తుంది. ఎర్ర కాగితం ఎరుపుని మాత్రమే వదులుతుంది, నీలం కాగితం ఎరుపుని ఆపేస్తుంది, ఒకదాని మీద ఒకటి పెడితే దాదాపు నలుపు. నీలాకాశంలో ఎర్ర పతంగి కావాలని మోజుపడితే అది మట్టి ముద్దలా తేలుతుంది. పసుపు కాగితం ఎరుపుని కూడా వదులుతుంది కాబట్టి పసుపు ఆకాశం మీద ఎరుపు ఎరుపుగానే ఉంటుంది. అందుకే మన షాట్ సాయంత్రం పూట, కింద పసుపు, పైన ఏమీ వేయని తెలుపు. శత్రువు పతంగి నల్లది.

ఫోన్ సెట్టింగులు ఏం పెట్టాలి?

ఒకటే సూత్రం, ఏదీ ఆటోలో ఉండకూడదు. ప్రో మోడ్‌లో ఐఎస్ఓ 50 లేదా 100, షట్టర్ 1/50 లేదా 1/25, వైట్ బ్యాలెన్స్ ఒక అంకె దగ్గర ఆపేయాలి, ఫోకస్ బొమ్మ అంచు మీద పెట్టి లాక్ చేయాలి. 1/50, 1/25 ఎందుకంటే మన కరెంటు 50 హెర్ట్జ్, లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి, ఆ లెక్కకి సరిపోని షట్టర్ పెడితే ఒక ఫోటో వెలుగ్గా, ఒకటి చీకటిగా వస్తాయి. తెర తెల్లగా ఉండాలి కానీ పూర్తిగా పేలిపోకూడదు, పేలితే వెలుగు బొమ్మ అంచుల్లోకి పాకి సన్నటి వేళ్ళని తినేస్తుంది. వెలుగు మరీ ఎక్కువైతే ప్యానెల్ మీద ఇంకో ట్రేసింగ్ పేపరు వేయండి.

ఫోన్‌ని గాజుకి 40 నుంచి 50 సెంటీమీటర్ల పైన, సరిగ్గా కిందికి చూసేలా బిగించండి. ఫోటోకి వేలితో తెరని తట్టొద్దు, ప్రతి తట్టుకీ ఫోన్ ఒక వెంట్రుకవాసి కదులుతుంది. వైరున్న ఇయర్‌ఫోన్ గుచ్చి దాని వాల్యూమ్ బటన్ నొక్కినా చాలా ఫోన్లలో ఫోటో పడుతుంది.

అన్నీ లాక్ చేశాను, అయినా వీడియోలో వెలుగు ఎగిరెగిరి పడుతోంది.

అయితే తప్పు కెమెరాది కాదు, గదిది. కిటికీలోంచి ఎండా మబ్బూ మారుతుంటాయి, రాత్రి పూట చేయండి, లేదా నల్ల దుప్పటి కట్టండి. రెండోది మీ చొక్కా. తెల్ల చొక్కా వేసుకుని వంగితే కింది వెలుగు మీ మీద పడి, తిరిగి గాజు మీదికి, అక్కడి నుంచి కెమెరాలోకి వెళ్తుంది. ముదురు రంగు బట్టలు వేసుకోండి, ఫోటో తీసేటప్పుడు ప్రతిసారీ ఒకే చోట నిలబడండి. మూడోది డిమ్మర్. వెలుగు తగ్గించే చవక డిమ్మర్లు నిజానికి లైటుని వేగంగా ఆర్పి వెలిగిస్తుంటాయి, దాన్ని తీసేసి కాగితంతోనే తగ్గించండి.

10 సెకన్లకి ఎన్ని ఫోటోలు? ఎలా పంచుకోవాలి?

సెకనుకి 12 చొప్పున 120. సెకనుకి 24 తీయొచ్చు, కానీ నీడబొమ్మకి 12లో ఉన్న కాస్త కుదుపు బాగుంటుంది, పనీ సగం.

మన షాట్ ఇలా వేసుకుందాం. మొదటి 24 ఫోటోల్లో అమ్మాయి పైకి చూస్తూ నిలబడుతుంది, జడ మాత్రమే ఊగుతుంది. ఆమె ఎవరో, ఎక్కడుందో ప్రేక్షకుడు చూసుకోవడానికి ఈ 2 సెకన్లు. తర్వాత 36 ఫోటోల్లో మూడు లాగుళ్ళు, ఒక్కోదానికి 12. ఆ తర్వాత 24లో నల్ల పతంగి కుడివైపు నుంచి వస్తుంది, అమ్మాయి ఢీల్ వదులుతుంది. 12 ఫోటోల్లో కోత. మిగిలిన 24లో ఎర్ర పతంగి ఊగుతూ దిగిపోతుంది, అమ్మాయి చేతులు మెల్లగా వాలిపోతాయి.

ఒక్క లాగుడిని దగ్గరగా చూద్దాం, ప్రాణమంతా ఇక్కడే ఉంది. 12 ఫోటోలని చేతికి సమానంగా పంచితే గడియారం ముల్లులా తిరుగుతుంది, మనిషిలా ఉండదు. దారం లాగే మనిషి ఠక్కున లాగి మెల్లగా వదులుతాడు. కాబట్టి చెయ్యి పైనుంచి కిందికి రెండే ఫోటోల్లో రావాలి, కింద మూడు ఫోటోలు దాదాపు ఆగాలి, అందులోనూ పూర్తిగా ఆగకుండా ఒక మిల్లీమీటరు అటూ ఇటూ, తర్వాత ఏడు ఫోటోల్లో పైకి, మొదట కొంచెం, మధ్యలో ఎక్కువ, చివర్లో మళ్ళీ కొంచెం. లాగుడికి ముందు ఫోటోలోనే నడుం కాస్త వెనక్కి వాలాలి, బలం చేతిది కాదు నడుముది కదా. జడ ఒంటికంటే ఒక ఫోటో ఆలస్యంగా కదలాలి, జడలో ప్రతి ముక్కా దాని పై ముక్క కంటే ఇంకో ఫోటో ఆలస్యంగా. పతంగి కూడా చెయ్యి లాగిన రెండు ఫోటోల తర్వాత పైకి ఎగబాకాలి. చెయ్యీ పతంగీ ఒకే ఫోటోలో కదిలితే మధ్యలో దారం బదులు ఇనుప కడ్డీ ఉన్నట్టుంటుంది.

కోత దగ్గర ఎక్కువ ఆర్భాటం వద్దు. దారం తెగిన ఫోటోలో పతంగి కదలకూడదు, దారం మాత్రమే సడలాలి, ఆ తర్వాత రెండు ఫోటోలకి పతంగి పక్కకి ఒరుగుతుంది. కన్ను ముందు దారాన్ని చూడాలి.

పతంగి దారం వీడియోలో మిణుకుమిణుకుమంటోంది, ఒక్కోసారి మాయమైపోతోంది.

కుట్టు దారం వాడి ఉంటారు. లెక్క చూడండి: ఫోటోలో 50 సెంటీమీటర్ల వెడల్పు పడుతోంది, వీడియో వెడల్పు 1920 పిక్సెళ్ళు, అంటే ఒక పిక్సెల్‌కి సుమారు 0.26 మిల్లీమీటర్లు. కుట్టు దారం అంతకంటే సన్నం, అది ఒక పిక్సెల్‌ని కూడా పూర్తిగా నింపదు కాబట్టి ఏటవాలుగా ఉన్నప్పుడు ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. ముప్పావు మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు మందం ఉన్న నల్ల దారం కావాలి, మూడు నాలుగు పిక్సెళ్ళు పడుతుంది. దారానికి కొంచెం మైనం రాస్తే మీరు వంచిన చోట వంపు నిలుస్తుంది, లేకపోతే ప్రతి ఫోటోకీ ముడుచుకుపోతుంది. ఈ లెక్క వేళ్ళకీ, జడ కొసకీ, మినార్ మీది కలశానికీ కూడా వర్తిస్తుంది, మిల్లీమీటరు కంటే సన్నగా ఏదీ పెట్టొద్దు.

ఫ్యాన్ వేసుకోవచ్చా?

లేదు. ఏప్రిల్, మే నెలల్లో ఇది శిక్షే, కానీ సీలింగ్ ఫ్యాన్ కింద ట్రేసింగ్ పేపరు నిలవదు. గది చల్లబడ్డాక మొదలుపెట్టండి, ఏసీ ఉంటే దాని గాలి బల్ల మీదికి రాకుండా చూడండి.

మధ్యలో చెయ్యి తగిలి బొమ్మ జరిగిపోతే?

స్టాప్ మోషన్ యాప్ వాడితే ముందు ఫోటో పల్చగా పైన కనిపించే సౌకర్యం ఉంటుంది, దాన్ని చూస్తూ మళ్ళీ అమర్చొచ్చు. అయినా వెంట్రుకవాసి తేడా ఉండిపోతుంది. అందుకని బొమ్మ జరిగిన చోట ఉన్నది ఉన్నట్టు దాచే ప్రయత్నం చేయకుండా, తర్వాతి ఫోటోలో తల తిప్పడమో చెయ్యి మార్చడమో పెద్ద కదలిక పెట్టండి, కన్ను అటు పోతుంది. బల్లా ఫోన్ స్టాండూ ఒకదానికొకటి జరిగితే మాత్రం ఏ ఉపాయమూ పనిచేయదు, షాట్ మొదటి నుంచి తీయాల్సిందే. మొదలుపెట్టేముందే రెండింటి కాళ్ళకీ నేల మీద టేపు వేయండి.

నడిచే బొమ్మ కావాలంటే?

రెండు కాళ్ళూ ఒకే నలుపు కాబట్టి ఏది ముందుకొచ్చిందో తెలియదు, ఒకదాన్ని ఒకటి దాటేటప్పుడు ఒంటికాలి మనిషిలా ఉంటుంది. దాటే ఫోటోలో వెనక కాలు మోకాలు బాగా మడిచి పాదం వెనక్కి కనిపించేలా పెట్టాలి. అడుగుకి 6 ఫోటోలు మామూలు నడక. పంచె, చీర, పైజామా, ఏది కట్టిస్తే కాళ్ళు ఎంత దాగుతాయో ముందే ఆలోచించండి.

ఇదంతా కంప్యూటర్‌లో చేయొచ్చు కదా?

చేయొచ్చు. ఓపెన్‌టూన్జ్, బ్లెండర్, క్రీటా ఉచితం. మోచేతి గుండ్రం నియమం అక్కడా అదే, ముక్క తిరిగే కేంద్రం గుండ్రం మధ్యలో ఉండాలి, ముంజేతిని పై చేతికి, పై చేతిని ఒంటికి తగిలించాలి.

కానీ కంప్యూటర్ చేసే పాడు పని ఒకటుంది, మీరు రెండు పోజులు ఇస్తే మధ్యలోవి నున్నగా నింపేస్తుంది. అప్పుడు అది నీడబొమ్మలా కాదు, ఫోన్ కంపెనీ ప్రకటనలా ఉంటుంది. బ్లెండర్‌లో కీఫ్రేమ్‌ల ఇంటర్‌పొలేషన్‌ని `Constant` చేసి పోజులు మీరే పెట్టండి, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో `Posterize Time` వేసి 12 పెట్టండి. నలుపు అంచుని ఒక పిక్సెల్ మేర మెత్తబరచండి, వెనక ట్రేసింగ్ పేపరుని ఫోటో తీసి అదే తెరగా వాడండి. నాకు నచ్చే పద్ధతి రెండూ కలపడం: బొమ్మని చేత్తో కత్తిరించి స్కాన్ చేసి, ముక్కలు విడదీసి, కదలిక కంప్యూటర్‌లో. బ్లేడు వంకరలు నిలుస్తాయి, ఫ్యాను కూడా వేసుకోవచ్చు.

ఫోటోలన్నీ వీడియోగా ఎలా మార్చాలి?

యాప్‌లో తీస్తే అదే ఇస్తుంది. విడిగా తీస్తే ఫోటోలకి img_0001.jpg నుంచి వరసగా పేర్లు పెట్టి, కంప్యూటర్‌లో ffmpeg అనే ఉచిత ప్రోగ్రామ్ పెట్టుకుని, ఆ ఫోల్డర్‌లో కమాండ్ విండో తెరిచి ఈ ఆజ్ఞ ఇవ్వండి:

```
ffmpeg -framerate 12 -i img_%04d.jpg -vf "scale=1920:-2,crop=1920:1080" -r 24 -c:v libx264 -crf 16 -pix_fmt yuv420p patangi.mp4
```

ఫోన్ ఫోటో 4:3లో ఉంటుంది కాబట్టి ఇది పైనా కిందా కోసేస్తుంది. షూట్ చేసేటప్పుడే గాజు మీద ఆ హద్దులకి టేపు వేసుకుంటే పతంగి తల తెగదు. వెలుగు ఇంకా కొద్దిగా ఎగురుతుంటే `crop=1920:1080` తర్వాత `,deflicker` చేర్చండి, చిన్న తేడాలు సర్దుకుంటాయి. తెల్ల చొక్కా తెచ్చిన తేడాని అది సరిచేయలేదు.

యూట్యూబ్‌లో పెట్టాక ఆకాశం మెట్లు మెట్లుగా కనిపిస్తోంది.

పసుపు నుంచి తెలుపుకి మెల్లగా మారే చోట, వీడియోని కుదించేటప్పుడు మధ్య ఛాయలు పోతాయి, అందుకే పట్టీలు పడతాయి. కంప్యూటర్‌లో గీసిన నున్నటి ఆకాశానికి ఈ జబ్బు ఎక్కువ, పతంగి కాగితానికి దాని పీచులూ గరుకూ ఉంటాయి కాబట్టి తక్కువ. ఎగుమతికి ముందు ఎడిటింగ్‌లో సన్నటి గ్రెయిన్ కలపండి, కళ్ళకి కనపడీ కనపడనంత చాలు. ఆ తర్వాత వీడియోని 1080లో కాకుండా 1440కి పెంచి అప్‌లోడ్ చేయండి, యూట్యూబ్ దానికి ఎక్కువ డేటా కేటాయిస్తుంది, పట్టీలు చాలావరకు తగ్గుతాయి.